తేదీ తిరగబడితే: రెన్యువల్స్ షీట్‌తో నా అనుభవం

సబ్‌స్క్రిప్షన్లు, ఇన్సూరెన్స్‌లు అన్నీ కలిపి మొత్తం 17 తేలాయి. బ్యాంకు స్టేట్‌మెంటు ఏడాది వెనక్కి చూస్తే దొరికేశాయి. పేరు, రెన్యువల్ తేదీ, ఒకసారి కట్టేది, ఏడాదికి ఎన్నిసార్లు, నోటీసు ఎన్ని రోజులు అని ఐదు కాలమ్‌లు పెట్టాను. ఏడాది ఖర్చు, రద్దుకు ఆఖరి తేదీ ఈ రెండు ఫార్ములాలు చూసుకుంటాయి:

```
=C2*D2
=B2-E2
```

నెలనెలా కట్టేదానికి D లో 12, మూడు నెలలకోసారి అయితే 4. ఇంతవరకు అరగంట పని.

నా కొంప ముంచింది తేదీల కాలమ్. ఇంటి ఇన్సూరెన్స్ మే 8న రెన్యూ అవుతుంది, 30 రోజుల ముందు చెప్పాలి. నేను 08/05 అని కొట్టాను. షీట్ సెట్టింగ్ నెలను ముందు చదివే దేశానికి ఉండటంతో అది దాన్ని ఆగస్టు 5గా తీసుకుంది. ఏప్రిల్ 8 రావాల్సిన ఆఖరి తేదీ జూలై 6 అని వచ్చింది. నేను నిశ్చింతగా కూర్చున్నాను. మే 8న డబ్బు కట్ అయింది.

ఫోన్ చేస్తే అవతలి వ్యక్తి, "నెల రోజుల ముందే రాతపూర్వకంగా చెప్పాలండీ, మీరు సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది" అన్నారు. నా షీట్‌లో జూలై అని ఉందని చెప్పాను. "మీ షీట్‌తో మాకేం సంబంధమండీ" అన్నారు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది. చేరడానికి ఒక్క క్లిక్కు చాలంట, మానేయడానికి మాత్రం ఉత్తరం కావాలంట! ఇది అన్యాయమే, ఎవరితోనైనా అంటాను.

ఆ రాత్రి కూర్చుని చూస్తే ఆనవాలు కళ్ల ముందే ఉంది. కొన్ని తేదీలు గడిలో ఎడమకు, కొన్ని కుడికి జరిగి ఉన్నాయి. 13వ నెల లేదు కాబట్టి, 12 దాటిన రోజులున్న తేదీలను షీట్ తేదీగా ఒప్పుకోక మామూలు అక్షరాలుగా వదిలేసింది. అవి ఎడమకు నిలబడ్డాయి, వాటి ఫార్ములాలో #VALUE! వచ్చింది. అసలు ప్రమాదం కుడివైపు బుద్ధిగా నిలబడ్డ వాటిది. రోజు, నెల తారుమారైనా వాటిలో ఏ ఎర్రరూ రాదు.

గూగుల్ షీట్స్‌లో File > Settings > Locale మార్చాను. అప్పటికే తప్పుగా చదివినవి దానితో సరికావు, అన్నీ మళ్లీ కొట్టాలి. ఈసారి 2026-05-08 పద్ధతిలో కొట్టి, నెల పేరు కనిపించేలా ఫార్మాట్ పెట్టాను. మే అని అక్షరాల్లో కనిపిస్తే పొరపాటు వెంటనే తెలుస్తుంది. ప్రతి తేదీనీ పాలసీ కాగితం పక్కన పెట్టుకుని సరిచూశాను. ఇంకో నాలుగు తిరగబడి ఉన్నాయి.

ఇన్సూరెన్స్‌లకు ఇంకో కాలమ్ చేర్చాను: దానంతటదే కొనసాగేదా, మనం కట్టకపోతే ఆగిపోయేదా అని. రెండో రకానికి రద్దు తేదీ కాదు, కట్టాల్సిన తేదీ ముఖ్యం. మొదటి రకంలో కొత్త పాలసీ మొదలైన రోజు రాసుకున్నాకే పాతదానికి నోటీసు పంపుతున్నాను. పంపాక వచ్చిన రసీదు నంబరు కూడా అదే వరుసలో ఉంటుంది.