‘ల’, ‘ర’ రెండా, ఒకటా? పన్నెండు కొరియన్ మాటలతో తేల్చిన తీరు

తెలుగులో ‘కాలు’, ‘కారు’ వేరు మాటలు. తేడా అంతా నడిమి హల్లులోనే ఉంది కాబట్టి ల, ర మనకు రెండు ఫోనీములు, అంటే మాట అర్థాన్ని వేరు చేసే ధ్వనులు. ఇవే రెండు ధ్వనులు కొరియన్‌లోనూ వినిపిస్తాయి. అక్కడా రెండేనా అన్నది చూడాలి. నేను పని చేసిన మాటలు ఇవి. వినికిడిని బట్టి తెలుగు లిపిలో రాశాను. కొరియన్ స్పర్శాల్లోని సన్నని తేడాలు ఈ లెక్కకు అక్కర్లేదు కాబట్టి వదిలేశాను.

ముల్ (నీళ్లు), మురి (నీళ్లు, కర్తగా), పల్ (పాదం), పరి (పాదం, కర్తగా), తల్ (చంద్రుడు), తరి (కాలు), నర (దేశం), సరమ్ (మనిషి), సల్ద (బతకడం), ఇల్గొప్ (ఏడు), మొల్ల (తెలియదు), తల్ల (వేరుగా ఉంది).

ముందుగా మినిమల్ పెయిర్ కోసం వెతుకుతాను. అంటే ఒక్కచోట ల, ర మారితే అర్థం మారి, మిగతాదంతా అక్షరాలా ఒకేలా ఉండే జంట. తల్, తరి అలాంటి జంటలా కనిపిస్తాయి గానీ కావు. తరిలో చివర అచ్చు అదనంగా ఉంది. ఈ జాబితాలో నిజమైన జంట లేదు. జంట దొరికితే అక్కడితో పని అయిపోయేది. దొరకకపోతే మాత్రం ఏదీ రుజువు కాదు, ఎందుకంటే పన్నెండు మాటల్లో జంట పడకపోవడం మామూలే. అందుకే పరిసరాల పట్టిక వేయాలి.

పట్టికలో ప్రతి ధ్వనికీ ఎడమ పక్కన ఏముంది, కుడి పక్కన ఏముంది, రెండూ రాస్తాను. ధ్వని ఉన్న చోటుకు _, మాట అంచుకు # పెడతాను. మాటలో ధ్వని రెండుసార్లు వస్తే రెండు వరుసలు.

```
ల                     ర
ఉ _ #   ముల్          ఉ _ ఇ   మురి
అ _ #   పల్           అ _ ఇ   పరి
అ _ #   తల్           అ _ ఇ   తరి
అ _ ద   సల్ద          అ _ అ   నర
ఇ _ గ   ఇల్గొప్        అ _ అ   సరమ్
ఒ _ ల   మొల్ల
ల _ అ   మొల్ల
అ _ ల   తల్ల
ల _ అ   తల్ల
```

ఎక్కువమంది జారేది ఇక్కడే. కుడి పక్క మాత్రమే చూస్తే నరలో ర తర్వాత అ ఉంది, మొల్లలో రెండో ల తర్వాతా అ ఉంది. పరిసరం ఒకటే కదా, కాబట్టి రెండు ఫోనీములు అనేస్తారు. ఎడమ పక్క మాత్రమే చూసినా అంతే, అ తర్వాత ల కూడా వస్తుంది, ర కూడా వస్తుంది. రెండు పక్కలనూ కలిపి చూసినప్పుడే విషయం బయటపడుతుంది. ర ఉన్న ఐదు వరుసల్లోనూ రెండు వైపులా అచ్చులే. ల ఉన్న తొమ్మిది వరుసల్లో ఒక్కదానికీ రెండు వైపులా అచ్చు లేదు. ఒకటి ఉన్నచోట రెండోది రాదు. కాంప్లిమెంటరీ డిస్ట్రిబ్యూషన్ అనేది ఇదే.

పట్టికను కుదించేటప్పుడు తొందరపడకూడదు. మొదటి మూడు వరుసలు చూసి ‘ఇ ముందు ర’ అని రాసేయాలనిపిస్తుంది. నర, సరమ్ దాన్ని కొట్టేస్తాయి. ‘అ తర్వాత ర’ అంటే మురి కొట్టేస్తుంది. ఏ అచ్చన్నది కాదు, అచ్చు ఉందా లేదా అన్నదే లెక్క. అన్ని వరుసలకూ సరిపోయే పరిసరాల్లో అన్నిటికన్నా సామాన్యమైనదాన్నే తీసుకోవాలి.

అయితే ఈ తీర్పంతా ఒక్క నిర్ణయం మీద ఆధారపడి ఉంది. నేను ల్లను రెండు హల్లులుగా లెక్కించాను. దాన్నే ఒక దీర్ఘమైన ల అనుకుంటే తల్ల వరుస ‘అ _ అ’ అవుతుంది. నరలో ర వరుసా ‘అ _ అ’ యే. అప్పుడు పరిసరాలు కలిసిపోయి తీర్పు తలకిందులవుతుంది. రెండు హల్లులని అనడానికి జాబితాలో కొంత ఆధారం ఉంది: సల్ద, ఇల్గొప్ మాటల్లో ల తర్వాత మరో హల్లు రావడం ఈ భాషలో మామూలే. అది చాలదనిపిస్తే ఇంకో మాట అడగాలి. తల్, నర కలిపి ‘చంద్రలోకం’ అనే సమాసం చేస్తే కొరియన్‌వాళ్లు తల్నర అనరు, తల్లర అంటారు. అక్కడ ల్లలో మొదటిది తల్‌లోని ల, రెండోది ల తర్వాత మారిపోయిన న. రెండు హల్లులు కలిసి ల్ల అయిన సంగతి కళ్లముందే ఉంది. చివర నర లోని ర మాత్రం రెండు అచ్చుల మధ్య ర గానే నిలిచింది.

తర్వాత ప్రశ్న, ఈ రెండూ ధ్వనిగా దగ్గరివేనా? పరిసరాలు కలవకపోవడం ఒక్కటే చాలదు. ఇంగ్లీషులో హ అక్షరభాగం మొదట్లోనే వస్తుంది, ‘సింగ్’ చివర వినపడే ఙ అలా మొదట్లో రాదు. పట్టికలో అవి ఎప్పుడూ ఎదురుపడవు. అయినా వాటిని ఒకే ఫోనీమ్ అనరు, పలికే తీరులో వాటికి పోలిక లేదు. ల, ర అలా కాదు. రెండూ నాదాలు, రెండూ నాలుక కొనతో దాదాపు ఒకేచోట పలికేవి. ఒకదానిలో గాలి నాలుక పక్కల నుంచి పోతుంది, రెండోదానిలో నాలుక ఒక్కసారి తగిలి వచ్చేస్తుంది.

ఈ డేటాలో దీనికన్నా గట్టి సాక్ష్యం ఇంకోటుంది. ముల్‌కు కర్తను చూపే ‘ఇ’ చేరగానే మురి, పల్‌కు చేరగానే పరి. అదే మాట, అదే అర్థం, చోటు మారగానే ధ్వని మారింది. ఇలా ఒకే మాట రెండు రూపాలు కనిపించినప్పుడు, ఏ పట్టికా ఇవ్వలేనంత నమ్మకం నాకు కుదురుతుంది. చిన్న జాబితా చేతికొస్తే ముందు ఇలాంటి జంటల కిందే గీత పెడతాను.

కాబట్టి కొరియన్‌లో ల, ర ఒకే ఫోనీమ్‌కు అల్లోఫోన్లు, అంటే చోటును బట్టి మారే రూపాలు. ఇక మూలరూపం ఏది? ర వచ్చే చోటు ఒకే మాటలో చెప్పొచ్చు: అచ్చుల మధ్య. ల వచ్చే చోట్లు మూడు రకాలు: మాట చివర, హల్లు ముందు, మరో ల తర్వాత. విడివిడిగా చోట్లు ఎక్కువ ఉన్నదాన్ని మూలంగా పెట్టుకుంటే సూత్రం చిన్నదవుతుంది: రెండు అచ్చుల మధ్య ల కాస్తా ర అవుతుంది.

/ల/ → [ర] / అచ్చు _ అచ్చు

ఈ సూత్రం పన్నెండు మాటలకూ సరిపోతుంది. కానీ జాబితాలో ఒక ఖాళీ ఉంది. ల, ర లలో ఏదీ మాట మొదట్లో లేదు. సూత్రం ప్రకారం అక్కడ ల రావాలి. అరువు మాట రేడియోను కొరియన్‌లో ‘రదియొ’ అంటారు, మొదట ర. అంటే అల్లోఫోన్లన్న తీర్పు మారదు గానీ సూత్రం మారాలి: అచ్చు ముందు, తనకు ముందు ల లేనప్పుడు, ర, మిగతా అన్నిచోట్లా ల. నర, మురి, తల్లర, రదియొ నాలుగూ ఇందులో ఇమిడిపోతాయి. అభ్యాసపత్రంలో రదియొ ఇవ్వకపోతే మొదటి సూత్రం తప్పని చెప్పడానికి లేదు. కాకపోతే జవాబు కింద ‘మాట మొదటి స్థానానికి డేటా లేదు’ అని ఒక వాక్యం రాస్తాను.