రాత్రి రెండింటికి ఎవరుంటారు?

"అన్ని ఎమర్జెన్సీలూ చూడగలను" అని రాసిన అప్లికేషన్ పక్కన పెట్టి, రెండోది మళ్లీ చదివాను. పాతపట్నం దగ్గర మా చిన్న ఆసుపత్రిని పది రోజులు నా బదులు చూసుకునే డాక్టర్ కోసం.

ఆ అమ్మాయి ఇలా రాసింది: "నార్మల్ డెలివరీలు ఒక్కదాన్నే చేస్తాను. సిజేరియన్ చేయను. పాముకాటు కేసులు చూశాను, శ్వాసనాళంలో గొట్టం ఎవరి సాయం లేకుండా వేయగలను. 12 ఉదయం 8 నుంచి 21 రాత్రి 8 వరకు ఉంటాను, రాత్రుళ్లు క్వార్టర్స్‌లోనే."

గొట్టం అన్న ముక్క దగ్గర ఆగిపోయాను. కట్లపాము కాటుకు వాపు, నొప్పి పెద్దగా ఉండవు. ముందు రెప్పలు వాలిపోతాయి, తర్వాత ఊపిరి అందదు. విరుగుడు మందు పది వయల్స్ ఎక్కించినా, అప్పటికే చచ్చుబడిన కండరాలు వెంటనే తేరుకోవు. శ్రీకాకుళం చేరేదాకా ఊపిరి నిలబెట్టే చెయ్యి కావాలి.

సిజేరియన్ చేయనని రాయడం ఇంకా నచ్చింది. పాత ఆపరేషన్ ఉన్న నిండు గర్భిణులను ముందే టెక్కలి పంపేయొచ్చు.

ఫోన్‌లో ఒక్కటే అడిగాను, 21న నా బస్సు ఆలస్యమైతే?

"మీరొచ్చి కేసులు అప్పజెప్పించుకునేదాకా ఉంటాను సార్."

రేపు బస్సు టికెట్ తీసుకుంటున్నాను.