తెల్లవారుజాము మోటారు గురించి ఇంటి యజమానికి ఉత్తరం

ఈ రోజు మధ్యాహ్నం వంటింటి పని ముగిసిన తరువాత, రెండో అంతస్తులో ఉండే మా ఇంటి యజమాని మాస్టారికి నీళ్ల మోటారు గురించి ఒక ఉత్తరం రాశాను. నోటితో ఇదివరకే చెప్పాము. చెప్పిన ప్రతిసారీ ఆయన "చూద్దాంలే అమ్మా" అని మర్యాదగానే అన్నారు. చిక్కంతా ఎక్కడుందంటే, మోటారు మెట్ల కింద, మా పడకగదికి ఆనుకున్న గోడ పక్కన ఉంది. స్విచ్చి మాత్రం పైన మాస్టారి వరండాలో ఉంది. ఆయన తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, స్విచ్చి వేసి, పూజకు పూలు కోసుకోవడానికి డాబా మీదకు వెళ్లిపోతారు. ఆయన చెవికి చేరేది ట్యాంకులో నీళ్లు పడుతున్న శబ్దం ఒక్కటే. తనకు వినిపించని చప్పుడు గురించి ఎంత చెప్పినా మనిషికి పట్టదు. అందువల్ల ఆ చప్పుడును అక్షరాలలో ఆయనకు వినిపించాలనుకున్నాను, దానికి అతిశయోక్తిని మించిన సాధనం నాకు కనిపించలేదు.

అయితే పెంచి చెప్పవలసింది చప్పుడునే గాని, మా కోరికను కాదు. ఈ హద్దు ముందే గీసుకుని రాయడం మొదలుపెట్టాను.

ఉత్తరం ఇలా మొదలయింది: "పూజ్యులైన మాస్టారికి నమస్కారములు. కింది వాటాలో మేమందరం క్షేమం. మా నిద్ర ఒక్కటే క్షేమంగా లేదు. రావణాసురుడికి మన మోటారు సంగతి తెలియక కుంభకర్ణుణ్ణి లేపడానికి ఏనుగుల చేత తొక్కించాడు. మన మెట్ల కింద ఆయనకు పక్క వేయించి, మీ వరండాలోని స్విచ్చి ఒక్కసారి వేయించి ఉంటే, ఆరు నెలల నిద్ర ఆరు నిమిషాలలో వదిలిపోయేది. లేచినవాడు కూడా యుద్ధానికి వెళ్లేవాడు కాదు, ముందు వేరే వాటా వెతుక్కునేవాడు. మా ఆయన కలలోకి వచ్చేవాళ్లందరూ ఈ మధ్య గొంతెత్తి అరిచి మాట్లాడుతున్నారట, మోటారు చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినిపించడం లేదు కాబట్టి. గూట్లోని స్టీలు గ్లాసులు రోజూ తెల్లవారకముందే ఒకదానినొకటి ఒరుసుకుంటూ అంచు దాకా నడిచి వస్తున్నాయి. ఇంకొంత కాలం ఇలాగే సాగితే అవి వరుసగా మెట్లెక్కి, మీ తలుపు తట్టి, తమ ఫిర్యాదు తామే చెప్పుకుంటాయి."

ఇందులో గ్లాసుల మాట సగం నిజమే. ఆ గూడు మెట్ల వైపు గోడకే ఉంది. మోటారు ఆడుతున్నప్పుడు దగ్గర నిలబడి చూస్తే గ్లాసుల అంచులు సన్నగా వణకడం కనిపిస్తుంది. ఒకదానికొకటి తగిలేలా పెట్టినవి మోటారు ఆగేదాకా గలగలమంటూనే ఉంటాయి, కాస్త ఎడంగా పెట్టినవి మాత్రం పలకవు. ఆ గోడకు అరచెయ్యి ఆనిస్తే మణికట్టు దాకా అదురు తెలుస్తుంది. చప్పుడు గాలిలో నుంచి కాక గోడలో నుంచి వస్తోందని నేను గ్రహించింది అలాగే. కిటికీ మూసినా, మందపాటి తెర వేసినా ఏమాత్రం తగ్గకపోవడానికి కారణం కూడా అదే.

చిత్తుప్రతిలో రాసిన రెండు మాటలను కొట్టివేశాను. ఈ అదురుకు ఇల్లు బీటలు వారుతోందని ఒకచోట రాశాను. కుంభకర్ణుడి సంగతిని ఎవరూ నిజమని నమ్మరు గనుక దానితో ఎవరికీ నష్టం లేదు; బీటల సంగతిని నమ్మేవారు ఉంటారు. చదివిన మాస్టారు వచ్చి గోడ చూస్తారు, బీట కనిపించదు, దానితో మిగిలిన ఉత్తరం కూడా అబద్ధమే అనుకుంటారు. మోటారు గంటల తరబడి ఆడుతోందన్న మాటను కూడా అందుకే తీసేసి, ఉన్నది ఉన్నట్టుగా నలభై నిమిషాలని రాశాను. పెంచితే ఎవరూ నమ్మలేనంతగా పెంచాలి, లేకపోతే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఈ రెంటికీ నడుమ ఉన్నదంతా అబద్ధమే అవుతుంది.

చట్టం సంగతి కూడా మనసులో మెదిలింది. కేంద్ర ప్రభుత్వం 2000లో చేసిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు రాత్రివేళగా లెక్క, నివాస ప్రాంతాలలో ఆ వేళ పరిమితి 45 డెసిబెల్స్. నాలుగున్నర ఆ వేళలోకే వస్తుంది. కానీ రోజూ మెట్ల మీద ఎదురుపడి పలకరించుకునే పెద్దాయనకు నియమాల సంఖ్యలు చూపిస్తే, మోటారు బాగయ్యేలోగా మాటలు ఆగిపోతాయి. అందుచేత ఆ వాక్యం రాయలేదు. ఆరు గంటల హద్దు మాత్రం మా కోరికలోకి అక్కడి నుంచే తీసుకున్నాను.

ఉత్తరంలో రెండో భాగం "మాస్టారూ, ఇంతవరకు రాసింది చప్పుడు గురించి. ఇక మేము అడిగేది ఇది" అనే మాటలతో మొదలవుతుంది. అక్కడి నుంచి ఒక్క అతిశయోక్తి కూడా లేదు.

మొదటి కోరిక బేరింగులు మార్పించమని. ఈ గరగర కరెంటు వల్ల వచ్చేదా, తిరిగే భాగాల వల్ల వచ్చేదా అని తేల్చుకోవడానికి ఒక సులువైన దారి ఉంది. స్విచ్చి ఆపగానే కరెంటు వల్ల వచ్చే హమ్ అనే హోరు ఆ క్షణమే ఆగిపోతుంది. లోపలి ఇరుసు మాత్రం ఇంకొన్ని క్షణాలు తిరిగి ఆగుతుంది. మన మోటారులో స్విచ్చి ఆపిన తరువాత కూడా గరగర వినిపిస్తూ, వేగం తగ్గుతున్నకొద్దీ ముతకగా మారి, చివరికి ఒక కీచుతో ఆగుతోంది. అది బేరింగు అరిగిన లక్షణం. వీధి చివరి మోటారు మెకానిక్ పొడవాటి స్క్రూడ్రైవరు కొనను మోటారు ఒంటికి ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని విని, పంపు వైపు బేరింగు పూర్తిగా పోయిందన్నాడు. ఆ వైపే పోవడానికి కారణం కూడా చూపించాడు. మోటారుకూ పంపుకూ మధ్యనుండే సీలు అరిగి, అక్కడ నీరు చుక్కలు చుక్కలుగా కారుతోంది, దానికింద సిమెంటు దిమ్మె మీద తుప్పు రంగు మరక కట్టింది. ఆ తడి బేరింగులోకి దిగి గ్రీజును పాడు చేసింది. సీలు మార్చకుండా బేరింగు ఒక్కటే మారిస్తే కొత్తది కూడా అదే దారి పడుతుంది. రెండూ వదిలేస్తే నీరు వైండింగు దాకా వెళ్లి మోటారు కాలిపోయే ప్రమాదముంది. ఇదంతా ఉత్తరంలో నాలుగు వాక్యాలలో రాశాను. చప్పుడు మా బాధ. మోటారు కాలితే ఆ ఖర్చు మాస్టారిది. ఇద్దరి మేలూ ఒకే మరమ్మతులో ఉందని ఆయనకు తెలియడం అవసరం.

రెండోది రబ్బరు. మోటారును దిమ్మెకు నేరుగా బోల్టులతో బిగించారు, పైకి వెళ్లే పైపును ఇనుప క్లాంపులతో మా గోడకే బిగించారు. ఆ మోటారు నిమిషానికి సుమారు 2,880 సార్లు తిరుగుతుంది, ఆ అదురంతా పైపు వెంట గోడలోకి ఎక్కుతోంది. మోటారు కాళ్ల కింద రబ్బరు దిమ్మెలు, క్లాంపులలో రబ్బరు పట్టీలు వేసి, మోటారు దగ్గర పైపులో ఒక మూర ముక్కను బలమైన రబ్బరు గొట్టంతో మారిస్తే గోడకు చేరేది బాగా తగ్గుతుంది. చప్పుడు అసలే ఉండదని నేను రాయలేదు. మోటారన్నాక కొంత చప్పుడు ఉంటుంది, పగటిపూట దానితో మాకు ఇబ్బంది లేదు.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, వేళ. దీనికి మాస్టారు ఒప్పుకోరేమోనని నా భయం. ఎందుకంటే ఆయన నాలుగున్నరకు మోటారు వేయడానికి సరైన కారణమే ఉంది. మా వీధికి మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు రాత్రిపూట వస్తాయి. సంపు నిండి పొర్లిపోకుండా కొంత పైకి తోడేస్తే మిగిలిన నీళ్లు కూడా పట్టుకోవచ్చని ఆయన లెక్క. ఆ లెక్కను కాదనకుండానే మా లెక్క రాశాను. మూడు వాటాలలో కలిపి పదకొండు మందిమి ఉన్నాము. పట్టణాలలో నీటి సరఫరాకు మనిషికి రోజుకు 135 లీటర్లు ప్రమాణంగా తీసుకుంటారు. ఆ లెక్కన అందరికీ కలిపి రోజంతటికీ 1,485 లీటర్లు చాలు. డాబా మీది ట్యాంకు 2,000 లీటర్లది. రాత్రి తొమ్మిదింటికి దాన్ని నింపి ఉంచితే తెల్లవారి ఆరుదాకా చుక్కకు లోటు రాదు, ఆ మేరకు సంపు కూడా నీళ్లు రాకముందే ఖాళీ అయి ఉంటుంది. తెల్లవారుజామున పైకి తోడితే ఎంత చోటు దొరుకుతుందో, ముందురోజు రాత్రి తోడినా దాదాపు అంతే దొరుకుతుంది. కాబట్టి మా కోరిక ఒక్క వాక్యంలో రాశాను: "రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు మోటారు వేయవద్దని మనవి."

చివర మెకానిక్ ఎప్పుడు రాగలడో రాసి, సంతకం చేసి, సాయంత్రం నేనే పైకి తీసుకెళ్లి ఇచ్చాను. మాస్టారు కళ్లజోడు పెట్టుకుని నిలబడే చదివారు. కుంభకర్ణుడి దగ్గర గట్టిగా నవ్వి, లోపలికి తిరిగి, "ఏమే, ఇది వినవే" అంటూ పిన్నిగారికి చదివి వినిపించారు. లెక్క దగ్గరకు వచ్చేసరికి నవ్వు ఆపి, వేలు పెట్టి మరొకసారి చదివారు.

"పదకొండు మందే గాని, పండక్కి మా పిల్లలొస్తే పదిహేను మందవుతారమ్మా" అన్నారు.

"పదిహేను మందికైనా 2,025 లీటర్లే అవుతుంది మాస్టారూ, అదీ రోజంతటికీ. రాత్రికి అంతా ఖర్చు కాదు కదా" అన్నాను.

ఆయన కొంచెంసేపు ఆలోచించి, బేరింగులూ సీలూ ఈ ఆదివారమే మార్పిస్తానన్నారు. రబ్బరు సంగతి మెకానిక్‌ను అడిగి చెబుతానన్నారు. వేళ విషయంలో మాత్రం ఈ రాత్రికి తొమ్మిదింటికి నింపి, తెల్లవారి ట్యాంకులో ఎంత మిగిలిందో తానే మూత తీసి చూసుకున్నాకే మాట ఇస్తానన్నారు. అది న్యాయమే. ఇప్పుడు తొమ్మిదీ పది అయింది, మోటారు ఆడుతోంది, గ్లాసులన్నీ ఎడంగా జరిపి పెట్టాను.