గిటార్‌తో ‘ఉయ్యాలో’ పలికించడం: టాక్ బాక్స్ పని ఎక్కడిదాకా వచ్చింది

బతుకమ్మకు ముందే నా గిటార్ ‘బతుకమ్మ ఉయ్యాలో’ అని స్పష్టంగా పలకాలి. ఈసారి పెట్టుకున్న పని ఇదే. ‘ఉయ్యాలో’ దాదాపు వచ్చేసింది. ‘బతుకమ్మ’ మాత్రం చాలా సతాయించింది. ఎందుకు సతాయించిందో ఇప్పుడు అర్థమైంది కాబట్టి వివరంగా రాసి పెడుతున్నా.

టాక్ బాక్స్‌లో ఉన్నది చాలా తక్కువ. గిటార్ శబ్దాన్ని మామూలు స్పీకర్‌కు పంపకుండా, మైక్ సెట్ హారన్ వెనక శబ్దం పుట్టించే డ్రైవర్ యూనిట్‌కు పంపుతాం. దాని మూతికి ప్లాస్టిక్ ట్యూబ్ బిగించి, రెండో కొసను నోట్లో పెట్టుకుంటాం. మనం గొంతు విప్పం. మన గొంతు చేయాల్సిన పని గిటార్ చేస్తుంది, నాలుక, పెదవులు మాత్రం మాట్లాడినట్టే కదులుతాయి. బయటికొచ్చిన శబ్దాన్ని ఎదురుగా ఉన్న మైక్ పట్టుకుంటుంది. 1964లోనే పీట్ డ్రేక్ స్టీల్ గిటార్‌ను ఇలా మాట్లాడించాడు. పెద్ద స్టేజీల మీద వినపడేంత బలమైన డ్రైవర్‌తో 1973లో సౌండ్ ఇంజనీర్ బాబ్ హెయిల్ గిటారిస్ట్ జో వాల్ష్ కోసం ఒకటి తయారుచేశాడు. 1976లో రాక్ గిటారిస్ట్ పీటర్ ఫ్రాంప్టన్ లైవ్ ఆల్బమ్‌తో అది ఇంటింటికీ తెలిసింది.

సామాను

నల్లగొండలో గిటార్ సామాను దొరకడం కష్టం కానీ మైక్ సెట్ సామానుకు కొదవ లేదు. దేవరకొండ రోడ్డు వైపు ఒక మైక్ సెట్ షాపు అన్న దగ్గర పాత హారన్ డ్రైవర్ యూనిట్ తెచ్చుకున్నా. 16 ఓమ్స్‌ది. “హారన్ లేకుండ ఉత్త యూనిట్ ఏం జేస్కుంటవ్ తమ్మీ?” అన్నాడు. నోట్లో పెట్టుకుంటానని చెప్తే ఒక నిమిషం నా మొహం చూసి, “సౌండ్ తక్కువ వెట్టుకో, పండ్లు జలదరిస్తయ్” అన్నాడు. నిజంగా పనికొచ్చే మాట. ట్యూబ్ పళ్లకు తగిలితే ఎముకల గుండా శబ్దం నేరుగా చెవి లోపలికి పోతుంది. బయటికి చిన్నగా వినిపిస్తున్నా లోపల మోత ఎక్కువే ఉంటుంది. అందుకే యాంప్లిఫయర్ వాల్యూమ్‌ను ఎప్పుడూ సున్నా నుంచి మొదలుపెట్టి, మైక్‌కు సరిపోయినంతే పెంచుతున్నా.

డ్రైవర్ మూతి దాదాపు అంగుళం ఉంటుంది, ట్యూబ్ లోపలి వెడల్పు 10 మిల్లీమీటర్లు. రెంటినీ కలపడానికి పైపుల షాపులో రెడ్యూసర్లు దొరికాయి. టెఫ్లాన్ టేపు చుట్టి, సందులను ఎమ్-సీల్‌తో మూసేశా. ట్యూబ్ తాగునీటికి వాడే రకం, సుమారు మీటరున్నర. ట్యూబ్ పొడవు పెరిగేకొద్దీ పదునైన పై శబ్దాలు తగ్గిపోతాయి, అవి పోతే ‘ఈ’ పోతుంది. కాబట్టి మైక్ స్టాండు దాకా అందితే చాలు, అంతకు మించి వద్దు. ప్రతిసారీ వేడినీళ్లతో కడిగి ఆరబెట్టాలి.

ఇంకో ముఖ్యమైన వస్తువు కెపాసిటర్. హారన్ డ్రైవర్‌లోని పల్చటి డయాఫ్రం లావు శబ్దాలను తట్టుకోలేదు. గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్‌తో మొదలవుతుంది. డ్రైవర్‌కు వరుసలో 33 మైక్రోఫారడ్ నాన్-పోలార్ కెపాసిటర్ పెడితే, 16 ఓమ్స్ లెక్కన 300 హెర్ట్జ్ కింద శబ్దం తగ్గుతూ పోతుంది. వాల్వ్ యాంప్ ఉన్నవాళ్లు ఒక విషయం గుర్తుంచుకోవాలి. వైరు ఊడి స్పీకర్ లోడ్ లేకుండా వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. నాది ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్, ఆ టెన్షన్ లేదు.

డ్రైవర్‌ను నురగ పరిచిన చెక్కపెట్టెలో పెట్టి మూశా. ట్యూబ్ కొసను వేలితో గట్టిగా మూసి గిటార్ వాయించినప్పుడు మైక్‌లో ఏమీ వినపడకూడదు. వినపడిందంటే పెట్టె నుంచి శబ్దం కారుతోందని అర్థం. ఆ కారే శబ్దం మీద మనం నోటితో ఎన్ని అచ్చులు పలికినా కొట్టుకుపోతాయి.

అచ్చులు

నోటి ఆకారం మారినప్పుడు కొన్ని ఫ్రీక్వెన్సీలు ఉబ్బుతాయి, మిగతావి అణిగిపోతాయి. మగగొంతులో ‘ఆ’కు సుమారు 700, 1200 హెర్ట్జ్ దగ్గర, ‘ఈ’కి సుమారు 300, 2300 దగ్గర ఉబ్బు వస్తుంది. నోరు కొత్తగా శబ్దం పుట్టించదు, ఉన్నదాంట్లోంచి ఏరుకుంటుంది. క్లీన్ గిటార్‌లో 2300 దగ్గర పెద్దగా ఏమీ ఉండదు. అందుకే మొదట్లో నా ‘ఈ’ మొత్తం ‘ఊ’లాగే వినిపించింది. డ్రైవర్ కంటే ముందు డిస్టార్షన్ పెడల్ పెట్టగానే అచ్చు విడిపోయింది. డిస్టార్షన్ పై శబ్దాలను దట్టంగా పుట్టిస్తుంది, నోటికి ఏరుకోవడానికి సరుకు దొరుకుతుంది.

రెండోది, స్వరం ఎక్కడ వాయిస్తున్నామన్నది. నాలుగో తీగ ఏడో ఫ్రెట్ మీద 220 హెర్ట్జ్ స్వరం వస్తుంది. దాని పై శబ్దాలు 440, 660, 880 అంటూ దగ్గరదగ్గరగా ఉంటాయి, నోటి ఆకారం ఏదైనా ఒకటి రెండు చిక్కుతాయి. అదే మొదటి తీగ పదిహేడో ఫ్రెట్ మీద 880 వస్తుంది, తర్వాతిది 1760. మధ్యలో అంతా ఖాళీ. అక్కడ ‘ఆ’, ‘ఓ’, ‘ఊ’ అన్నీ ఒకేలా ఉంటాయి. మాటలు కిందితీగల మీద, మూలుగులు పైతీగల మీద అని పెట్టుకున్నా.

‘ఉయ్యాలో’ తేలిగ్గా రావడానికి కారణం కూడా ఇదే. అందులో శబ్దం ఎక్కడా ఆగదు. పెదవులు గుండ్రంగా చుడితే ఉ, నాలుక పైకి లేపితే య్య, దవడ దించితే ఆ, నాలుక కొస తాకించి వదిలి పెదవులు మళ్లీ చుడితే లో. ఒక్కసారి మీటిన స్వరం మీదే మొత్తం మాట అయిపోతుంది.

బతుకమ్మ కాస్తా బదుగబ్బ

రికార్డు చేసి మా అక్క కొడుకుకు వినిపిస్తే “బదుగబ్బ అంటుంది మామా” అన్నాడు. వాడు విన్నది అక్షరాలా కరెక్టు.

బళ్లో చదువుకున్న పరుషాలు, సరళాలు గుర్తున్నాయా? క చ ట త ప అనేవి పరుషాలు, గ జ డ ద బ సరళాలు. త, ద రెంటికీ నాలుక తాకే చోటు దాదాపు ఒక్కటే. ‘త’ అన్నప్పుడు గొంతు కాసేపు మోగడం ఆపుతుంది, ‘ద’కు మోగుతూనే ఉంటుంది. టాక్ బాక్స్‌లో గొంతు అంటే గిటార్, అది ఆగకుండా మోగుతూనే ఉంటుంది. అందుకే పరుషాలన్నీ సరళాలవుతాయి.

దీనికి మందు చేతిలో ఉంది. ‘త’ కోసం నాలుక పళ్లకు తగిలే క్షణంలోనే కుడి అరచేతి అంచుతో తీగను మూయాలి. నాలుక వదిలేటప్పుడు నోట్లో పట్టి ఉంచిన గాలిని చిన్నగా వదిలి, వెంటనే మళ్లీ మీటాలి. అంటే ‘బ’కు ఒక మీటు, మూత, ‘తు’కు ఒక మీటు, మూత, ‘క’కు ఒక మీటు. గాలి ముందొచ్చి మీటు ఆలస్యమైతే తుమ్మినట్టు ఉంటుంది. నెమ్మదిగా తాళం వేసుకుంటూ సాధన చేస్తే రెండూ కలుస్తాయి.

‘మ్మ’ సంగతి వేరు. పెదవులు మూస్తే శబ్దానికి బయటికి దారి ముక్కు ఒక్కటే. ట్యూబ్ నోట్లో ఉన్నప్పుడు అంగిలి వెనకభాగం తెలియకుండానే పైకి లేచి ముక్కు దారిని మూసేస్తుంది. అప్పుడు వచ్చేది ‘బ్బ’. నోరు మూసి కూనిరాగం తీసేటప్పుడు లోపల ఎలా వదులుగా ఉంటుందో అలా వదిలితే ముక్కులోంచి గిటార్ వస్తుంది. మైక్‌ను పెదవుల నుంచి కాస్త పైకి, ముక్కు వైపు జరిపాక అది చక్కగా పడింది. ట్యూబ్‌ను నోటి పక్కన, దవడ పళ్ల దాకా మాత్రమే పెడితే నాలుకకు చోటు మిగులుతుంది.

వోకోడర్‌తో అదే మాట

పోల్చి చూద్దామని అదే ‘బతుకమ్మ ఉయ్యాలో’ను కంప్యూటర్‌లో వోకోడర్‌తో చేశా. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో స్టీరియో ట్రాక్ ఎడమవైపు నా గొంతు, కుడివైపు డిస్టార్షన్ గిటార్ పెట్టి వోకోడర్ ఎఫెక్ట్ నడిపా. ఇది గొంతును చాలా పట్టీలుగా విడదీసి, ఏ పట్టీలో ఏ క్షణాన ఎంత బలం ఉందో కొలుస్తుంది. గిటార్‌లో అదే పట్టీని అంతే పెంచుతుంది, తగ్గిస్తుంది. బెల్ ల్యాబ్స్‌లో హోమర్ డడ్లీ 1930లలో దీన్ని తయారుచేసింది సంగీతం కోసం కాదు, టెలిఫోన్ లైన్ల మీద మాటను పొదుపుగా పంపడానికి.

ఇక్కడ త, క వెంటనే వచ్చాయి. ఆ క్షణంలో గొంతు ఆగితే గిటార్ కూడా ఆగుతుంది, అరచేతితో పనిలేదు. ‘స’ మాత్రం రాదు, ఎందుకంటే గిటార్‌లో ఆ బుసకు తగిన శబ్దం లేదు. దానికి గిటార్ వైపు కొంచెం వైట్ నాయిస్ కలపాలి, ఆ ఎఫెక్ట్‌లోనే అమరిక ఉంది. పట్టీలు పది పెడితే మాట యంత్రంలా వినిపించింది, నలభై పెడితే తేటగా ఉంది. పింక్ ఫ్లాయిడ్ 1977 ఆల్బమ్ ‘యానిమల్స్’లో తేడా బాగా తెలుస్తుంది. ‘పిగ్స్’లో గిటార్ టాక్ బాక్స్‌లోంచి వస్తుంది, ‘షీప్’లో మాటలు వోకోడర్‌లోంచి వస్తాయి. నాకు టాక్ బాక్స్ మీదే మనసు. వోకోడర్‌లో ముందు మాట్లాడాల్సింది నేను, టాక్ బాక్స్‌లో మాట గిటార్ తీగ మీదే పుడుతుంది.

హార్మొనైజర్ ఎక్కడ పెట్టాలి

హార్మొనైజర్ అచ్చులు పలికించదు. మనం వాయించే స్వరానికి తోడుగా ఇంకో స్వరాన్ని పుట్టిస్తుంది. ఆ పేరుతో ఈవెంటైడ్ వాళ్ల హెచ్910 1975లో వచ్చింది. శంకరాభరణంలో చూస్తే స వాయిస్తే గ, రి వాయిస్తే మ తోడు రావాలి. స నుంచి గకు నాలుగు మెట్లు, అంటే గిటార్ మీద నాలుగు ఫ్రెట్లు, రి నుంచి మకు మూడే. అందుకే పెడల్‌కు శ్రుతి ముందే చెప్పాలి. ఎప్పుడూ నాలుగు మెట్లే పెంచితే రి దగ్గర అపస్వరం పడుతుంది. తీగ లాగి గమకం తీస్తే మెట్టు దాటేచోట తోడుస్వరం ఎగిరిపడుతుంది కాబట్టి ఆ చోట్ల నేను లాగడం లేదు.

బతుకమ్మ ఆడేటప్పుడు ఒకరు పాడితే మిగతావాళ్లు ‘ఉయ్యాలో’ అని అందుకుంటారు కదా, అది కావాలని రెండు రకాలుగా పెట్టి చూశా. మైక్ తర్వాత హార్మొనైజర్ పెడితే మాటతో పాటు నోటి ఆకారం కూడా పైకి జరుగుతుంది. నాలుగు మెట్లంటే 1.26 రెట్లు, 700 దగ్గరి ఉబ్బు 880కి పోతుంది. తోడుగొంతు చిన్నపిల్లదానిలా వినిపిస్తుంది. డిస్టార్షన్ తర్వాత, డ్రైవర్‌కు ముందు పెడితే రెండు స్వరాలూ ఒకే నోట్లోంచి వస్తాయి, అచ్చు రెంటికీ ఒకటే. డిస్టార్షన్ కంటే ముందు పెడితే రెండు స్వరాలు ఒకదానికొకటి రాసుకుని గరగర తప్ప ఏమీ మిగలదు.

ఇప్పుడు వైరింగ్ ఇలా ఉంది: గిటార్, డిస్టార్షన్, హార్మొనైజర్, యాంప్లిఫయర్, కెపాసిటర్, డ్రైవర్. ‘బతుకమ్మ’కు హార్మొనైజర్ ఆపి, ‘ఉయ్యాలో’కు కాలితో నొక్కుతున్నా. ‘ఈ’, ‘ఏ’ మధ్య తేడా ఇంకా పలచగానే ఉంది, ఎందుకంటే ‘ఈ’ కింది ఉబ్బు సరిగ్గా కెపాసిటర్ కోస్తున్న 300 దగ్గరే ఉంది. 47 మైక్రోఫారడ్ పెడితే కోత 210 దాకా దిగుతుంది. డయాఫ్రం మీద బరువు పడుతుంది కనుక వాల్యూమ్ తగ్గించి అది పెట్టి చూడాలి. కెపాసిటర్ తెచ్చి పెట్టా, టంకం వేయడమే మిగిలింది.