జకార్తాలో పదమూడో జీతం: ఇంటి పనివారికి పండుగకు ఎంత ఇవ్వాలి

జకార్తాలో కొత్తగా కాపురం పెట్టే తెలుగు కుటుంబం ఏడాది ఖర్చులు లెక్క వేసుకునేటప్పుడు, పనిమనిషి జీతాన్నీ డ్రైవరు జీతాన్నీ పన్నెండుతో కాక పదమూడుతో హెచ్చవేసుకోవాలి. రంజాన్ నెల ముగిసి లెబరాన్ పండుగ వచ్చే ముందు చెల్లించే ఆ పదమూడో జీతాన్ని ఇండోనేసియాలో అందరూ తే-హా-ఎర్ అని పిలుస్తారు. మన ఊళ్లలో ఇచ్చే దసరా మామూలు వంటిదే అనుకుని, చేతికి తోచినంత ఇచ్చి ఊరుకునేవారు మనవారిలో చాలామంది ఉన్నారు. ఇది యజమాని దయమీద ఆధారపడే బహుమతి కాదు. ఏడాది పొడవునా చేసిన పనికి పండుగనాడు అందవలసిన జీతభాగమని ఇక్కడి పనివారు భావిస్తారు, అది సరైన భావన అని నేనూ నమ్ముతాను.

దీని వెనుక చరిత్ర ఉంది. 1950ల తొలినాళ్లలో ప్రధాని సుకిమాన్ ప్రభుత్వం దీన్ని ప్రభుత్వోద్యోగులకు మొదలుపెట్టగా, తమకూ కావాలని మిగతా కార్మికులు ఆందోళనకు దిగారు. 1994లో కంపెనీలన్నిటికీ ఇది తప్పనిసరి అయింది. 2016లో వచ్చిన నిబంధన ప్రకారం నెల రోజులు పనిచేసినవారికి కూడా ఇది వర్తిస్తుంది, పండుగకు కనీసం ఏడు రోజుల ముందే చెల్లించాలి. ఈ లెక్కలు కంపెనీలను ఉద్దేశించినవే అయినా, ఇంటి పనివారి రక్షణ కోసం 2015లో కార్మిక శాఖ తెచ్చిన నిబంధన పండుగ భత్యాన్ని వారి హక్కులలో ఒకటిగా చేర్చింది. అందుచేత ఎంత ఇవ్వాలన్న ప్రశ్నకు ఇళ్లలో కూడా కంపెనీల సూత్రమే కొలబద్దగా స్థిరపడింది.

సూత్రం సులభమే. ఏడాది, అంతకు మించి పనిచేసినవారికి ఒక నెల పూర్తి జీతం. అంతకంటె తక్కువైతే, పనిచేసిన నెలలను పన్నెండుతో భాగించి జీతంతో గుణించాలి. ఒక ఇంటిని ఉదాహరణగా తీసుకుందాం. పనిమనిషి రెండేళ్లుగా ఉంటోంది, నెలకు 35 లక్షల రుపియాలు జీతం. ఆమెకు 35 లక్షలూ ఇవ్వాలి. డ్రైవరు చేరి ఏడు నెలలైంది, అతని నెలజీతం 48 లక్షలు. పన్నెండింట ఏడు వంతులు, అంటే 28 లక్షలు అతనికి అందాలి. డ్రైవరుకు రోజువారీగా ఇచ్చే భోజనం డబ్బులు, రాత్రి ఆలస్యమైనప్పుడు గంటల లెక్కన ఇచ్చే అదనపు వేతనం ఈ లెక్కలోకి రావు. అయితే ప్రతి నెలా మార్పు లేకుండా ఇచ్చే స్థిర భత్యం ఏదైనా ఉంటే, దాన్ని జీతంలో కలుపుకుని లెక్కించడమే న్యాయం.

ఇక్కడ ముందుగా తేల్చుకోవలసిన విషయం ఒకటుంది: ఆ డ్రైవరుకు నెలనెలా జీతం ఎవరు ఇస్తున్నారు? కారుతో పాటు డ్రైవరును మీ ఆఫీసు గానీ, కార్లు అద్దెకిచ్చే సంస్థ గానీ పంపితే పండుగ జీతం బాధ్యత వారిదే. అప్పుడు మీరిచ్చేది నిజంగా బహుమతి అవుతుంది. మూడు నుంచి ఐదు లక్షల రుపియాలు ఇస్తే గౌరవంగా ఉంటుంది. కానీ సంస్థ ఇచ్చే ఉంటుందిలే అని ఊహించుకోకుండా ఒకసారి అడిగి తెలుసుకోవాలి, ఎందుకంటే ఇద్దరూ ఎదుటివారు ఇస్తారనుకుంటే నష్టపోయేది డ్రైవరే.

ఎప్పుడు ఇవ్వాలన్నది కూడా ఎంత ఇవ్వాలన్నదానంత ముఖ్యమైనది. లెబరాన్‌కు జకార్తా నుంచి లక్షలాది మంది స్వగ్రామాలకు వెళతారు. ఆ ప్రయాణాన్ని ముదిక్ అంటారు. పిల్లలకు కొత్త బట్టలు, తల్లిదండ్రులకు కానుకలు, ప్రయాణపు ఖర్చులు అన్నీ ఆ పండుగ జీతం నుంచే రావాలి గనుక, చట్టం చెప్పిన ఏడు రోజులు ఇంటి పనివారికి చాలవు. పండుగకు రెండు వారాల ముందు ఇవ్వడం మంచిది. పండుగ చంద్రమానాన్ని బట్టి వస్తుంది కాబట్టి ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2024లో ఏప్రిల్ 10న వస్తే 2025లో మార్చి 31న వచ్చింది. నిరుటి తేదీని గుర్తుపెట్టుకుని కూర్చుంటే ఆలస్యమవుతుంది.

ఊరికి వెళ్లిన పనిమనిషి తిరిగి రాదేమోనన్న భయంతో సగం ఇప్పుడు, సగం వచ్చాక అని నిలిపి ఉంచే యజమానులు ఉన్నారు. ఇది నాకు ఏమాత్రం నచ్చని పద్ధతి. రాకూడదని నిశ్చయించుకున్న మనిషిని ఆ సగం ఆపదు. రావాలనుకున్న మనిషి మనసును మాత్రం అది విరిచేస్తుంది. దానికి బదులు వెళ్లే తేదీ, వచ్చే తేదీ ముందే మాట్లాడుకుని, తిరుగు ప్రయాణపు ఖర్చు వచ్చాక ఇస్తానని విడిగా చెప్పవచ్చు. ఆమె తన గదిలోని సామానంతా మూటకట్టుకుంటుంటే, కోపగించుకోకుండా నేరుగా అడిగి, వేరే మనిషిని చూసుకోవడానికి వ్యవధి తీసుకోవడం ఉత్తమం. పండుగ రోజులకు మాత్రమే వచ్చే తాత్కాలిక పనివారిని ఇన్‌ఫాల్ అంటారు. వారికి రోజుకూలి మామూలు జీతంకంటె చాలా ఎక్కువ, ముందుగా మాట్లాడుకోకపోతే దొరకరు.

డబ్బును కవరులో పెట్టి, ఆ నెల జీతంతో కలపకుండా, ఇది తే-హా-ఎర్ అని పేరు పెట్టి చెప్పి ఇవ్వాలి. అందులో కొంత భాగాన్ని ఐదు, పది, ఇరవై వేల రుపియాల కొత్త నోట్లుగా ఇస్తే వారు ఎంతో సంతోషిస్తారు, ఎందుకంటే ఊళ్లో బంధువుల పిల్లలకు కొత్త నోట్లు పంచడం ఆనవాయితీ. బిస్కెట్ల డబ్బా, షర్బతు సీసా, చీరలాంటి వస్తువులు దీనికి పైన ఇవ్వవలసినవే తప్ప దీనికి బదులు ఇవ్వవలసినవి కావు. తినుబండారాలైతే హలాల్ గుర్తు చూసి కొనాలి.

పండుగ ఎవరిదన్నది మరొక చిక్కు. మనం దీపావళికి ఇచ్చిన చీర, డబ్బు మన సంతోషం కొద్దీ ఇచ్చినవి. వాటిని లెక్కలో చూపి లెబరాన్‌కు తగ్గించకూడదు. పనివారి మతాన్ని బట్టే తేదీ నిర్ణయమవుతుంది. ఫ్లోరెస్ దీవి నుంచి వచ్చిన క్రైస్తవ డ్రైవరుకు క్రిస్మస్ ముందు ఇస్తారు, బాలి నుంచి వచ్చిన హిందువుకు న్యెపీ ముందు. ఎవరికైనా ఏడాదికి ఒక్కసారే.

అపార్ట్‌మెంటు కాపలాదారులకు, శుభ్రం చేసేవారికి జీతమిచ్చేది భవన నిర్వహణ సంస్థ లేదా అది నియమించిన కాంట్రాక్టరు గనుక వారికి మనం నెలజీతం లెక్క చూడనక్కర లేదు. మన అంతస్తులో రోజూ పనిచేసేవారికి, సామాను మోసిపెట్టే కాపలాదారుకు తలా 50 వేల నుంచి లక్ష రుపియాలు చాలు. విడి ఇళ్ల కాలనీలలో ఆర్‌టీ అనే వీధి సంఘం ప్రతి ఇంటినుంచీ కొంత మొత్తం వసూలు చేసి కాపలాదారులకు, చెత్త తీసుకెళ్లేవారికి పంచుతుంది. అది కట్టినవారు మళ్లీ ఒక్కొక్కరికీ పెద్ద మొత్తాలు ఇవ్వనవసరం లేదు. ఈ రోజుల్లోనే ముక్కూ మొహం తెలియని సంఘాల పేరుతో చందా కాగితాలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చేవారు కూడా ఉంటారు. ఆ కాగితాన్ని ఆర్‌టీ పెద్దకు చూపించి, ఆయన ఔనన్న తర్వాతే డబ్బు ఇవ్వాలి.

ప్రవాసులకు మధ్యలోనే బదిలీ వస్తుంటుంది. అప్పుడు కిందటి పండుగ నుంచి ఎన్ని నెలలు గడిచాయో చూసి అన్ని పన్నెండో వంతులు చివరి జీతంతో పాటు చెల్లించాలి. లెబరాన్ అయిన ఆరు నెలలకు దేశం విడిచే కుటుంబం 35 లక్షల జీతగత్తెకు పదిహేడున్నర లక్షలు ఇచ్చి వెళ్లాలి. తర్వాత వచ్చే యజమాని ఆమె తన ఇంట్లో చేసిన నెలలకే లెక్క కడతాడు, మన ఇంట్లో చేసిన ఆరు నెలలకు ఇచ్చేవారు మరెవరూ ఉండరు.