బ్యాలెన్స్ షీట్‌లో 4 కోట్లు, వడ్డీలో 8 కోట్లు

సెబీ గ్రేడ్-ఎ పరీక్ష కోసం శ్రీకాకుళంలో కామర్స్ చదువుకుంటున్న రోజుల్లో, అప్పుకీ ఈక్విటీకీ మధ్య నిష్పత్తి 1 అని కనబడితే చాలు, ఆ కంపెనీకి ఢోకా లేదని రాసేసేవాణ్ణి. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ లెక్కలు చూసే మా చిన్నాన్న ఆ తప్పు పట్టుకున్నాడు. ఆయన అంకెలు మార్చి చెప్పిన ఉదాహరణ ఇది.

ఈక్విటీ 4 కోట్లు. మార్చి 31న బ్యాంకు అప్పు కూడా 4 కోట్లే, అంతా 12 శాతం వడ్డీకి తీసుకున్న క్యాష్ క్రెడిట్, అంటే పరిమితిలోపు కావాల్సినప్పుడు వాడుకుని, డబ్బొచ్చినప్పుడు తీర్చే అప్పు. నిష్పత్తి 1. లాభనష్టాల ఖాతాలో మాత్రం వడ్డీ 96 లక్షలు ఉంది.

"4 కోట్లకి 12 శాతం ఎంతరా?" అన్నాడు చిన్నాన్న.

"48 లక్షలు."

"మరి మిగతా 48 ఎక్కడిది?"

నాకు తోచలేదు. జీడిపిక్కలు వేసవిలో వస్తాయి. ఏడాదికి సరిపడా అప్పుడే కొని గోదాము నింపాలి కాబట్టి అప్పు ఒక్కసారిగా పెరుగుతుంది. పప్పు అమ్ముడయ్యేకొద్దీ తీరుతూ వచ్చి, మార్చి చివరికి బాగా తగ్గుతుంది. బ్యాలెన్స్ షీట్ ఆ ఒక్కరోజు సంగతే చెబుతుంది. క్యాష్ క్రెడిట్ వడ్డీ మాత్రం ఏ రోజు ఎంత వాడితే అంత మీద పడుతుంది. 96 లక్షల్ని 12 శాతంతో భాగిస్తే 8 కోట్లు. ఏడాది పొడవునా సగటున మోసిన అప్పు అదీ. అంటే అసలు నిష్పత్తి 2.

ఇక వడ్డీ కవరేజి, అంటే లాభం వడ్డీకి ఎన్ని రెట్లు ఉందనే లెక్క. ఇక్కడ నేను మాక్ టెస్టులో నికర లాభంతో మొదలుపెట్టి మార్కులు పోగొట్టుకున్నాను. నికర లాభం 36 లక్షలు, పన్ను 12, వడ్డీ 96. మూడూ కలిపితేనే వడ్డీకీ పన్నుకీ ముందు లాభం, 144 లక్షలు. దాన్ని 96తో భాగిస్తే 1.5. పప్పు ధర పడిపోయి ఈ 144లో మూడోవంతు పోయిందనుకోండి, మిగిలే 96 లక్షలూ వడ్డీకే సరి. పప్పు ధర ఊగే వ్యాపారంలో ఇది చాలా పల్చని రక్షణ అని నా అభిప్రాయం.

కవరేజిలో వడ్డీయే తప్ప, తీసుకున్న అసలు సొమ్ముకి కట్టే వాయిదాలు లెక్కకు రావు. ఇదే ఫ్యాక్టరీ బాయిలర్ కోసం టర్మ్ లోన్ తీసుకుంటే, ఏటా కట్టాల్సిన అసలుకీ వడ్డీకీ కలిపి డబ్బు చాలుతుందో లేదో చెప్పే నిష్పత్తి డీఎస్‌సీఆర్‌ని చూడాలి.

పరీక్షలో నిష్పత్తి మాత్రమే అడిగితే, ఇచ్చిన బ్యాలెన్స్ షీట్ ప్రకారం 1 అనే రాయండి. వివరణ రాయాల్సిన పరీక్షలో వ్యాఖ్యానించమన్నప్పుడు, వడ్డీని రేటుతో భాగించి ఆ 8 కోట్లు ఎలా వచ్చాయో రెండు వాక్యాల్లో చూపించండి.