చివరి ఉకారం తీసేస్తేనే లెక్క కుదిరింది

డీఎస్సీ స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిష్‌కి చదువుతున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. రోజూ సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, వశిష్ఠ దాటి, నరసాపురంలో కోచింగ్‌కి వెళ్లేదాన్ని. గ్రామర్ అంటే నాకు భయం లేదు. నా మార్కులన్నీ వర్డ్ స్ట్రెస్ దగ్గరే పోయేవి. ఒక మాక్ టెస్టులో దాని మీద ఆరు ప్రశ్నలిస్తే ఐదు తప్పు చేశాను. రూల్స్ నోటికి వచ్చు, అయినా జవాబు తప్పుతోంది. ఆ టెన్షన్‌తోనే సాయంత్రం పంటు ఎక్కాను.

మా ఊరి రిటైర్డ్ ఇంగ్లిష్ మాస్టారు అదే పంటులో ఉన్నారు. పేపర్ చూసి, “ఎకనామిక్‌లో స్ట్రెస్ ఎక్కడ పెట్టావమ్మా?” అని అడిగారు.

“మి మీదండి. ఇక్‌తో ముగిసే మాటకి చివరి నుంచి రెండో సిలబుల్ కదండీ.”

“రూల్ సరిగానే చెప్పావు. సిలబుల్స్ ఎన్ని?”

నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. “ఎ, క, నా, మి, క్కు. ఐదండి.”

“ఆ చివర ఉకారం ఇంగ్లిష్‌లో ఎక్కడుందమ్మా?”

నా ఐదు తప్పుల్లో మూడింటికి కారణం ఆ ఒక్క ప్రశ్నలో దొరికింది. మన మాట అచ్చుతో ముగియాలని మన నోటికి అలవాటు. బస్ మనకి బస్సు, రోడ్ రోడ్డు, రికార్డ్ రికార్డు అయిపోతాయి. మాట్లాడుకోవడానికి దాంతో ఇబ్బంది లేదు. కానీ స్ట్రెస్ రూల్స్ చాలావరకు మాట చివరి నుంచి లెక్కపెట్టేవి. చివర లేని సిలబుల్ ఒకటి తగిలిస్తే లెక్క మొత్తం ఒక గడి జరిగిపోతుంది. ఎకనామిక్‌లో ఉన్నవి నాలుగే: ఎ, క, నా, మిక్. చివరి నుంచి రెండోది నా. స్ట్రెస్ అక్కడే.

ఆ తర్వాత నుంచి పొడవు మాట వస్తే ముందు చివరి హల్లుని దాని ముందున్న అచ్చుకి కట్టేసి, అప్పుడు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఫొటోగ్రాఫ్ కుటుంబం తీసుకోండి, పరీక్షల్లో బాగా కనిపించేది అదే. స్ట్రెస్ పడే సిలబుల్ ముందు ' గుర్తు పెడుతున్నాను.

'ఫో-ట-గ్రాఫ్. మూడు సిలబుల్స్, స్ట్రెస్ మొదటి దాని మీద. ఫ-'టా-గ్ర-ఫి. నాలుగు. గ్రఫీ, లజీ, ఇటీతో ముగిసేవాటికి చివరి నుంచి మూడోది, అంటే టా. ఫో-ట-'గ్రా-ఫిక్. ఇదీ నాలుగే, కానీ ఇక్ రూల్ ప్రకారం చివరి నుంచి రెండోది, గ్రా.

మూడూ పక్కపక్కన పెట్టి చదివితే ఒకటి గమనిస్తారు. స్ట్రెస్ వచ్చిన చోట అచ్చు నిండుగా పలుకుతుంది. అది తప్పుకున్న చోట చాలాసార్లు అచ్చు నలిగి దాదాపు ‘అ’ అయిపోతుంది. మొదటి మాటలో నిండుగా ఉన్న ఫో, రెండో మాటలో ఫ అయింది. మొదటి దాంట్లో నలిగిన ట, రెండో దాంట్లో టా అయింది. మనం తెలుగులో రాసినట్టు ఫొటోగ్రఫీ అని అన్ని అచ్చులూ సమానంగా పలికితే ఈ తేడా చెవికి ఎప్పటికీ అందదు. అందుకే స్ట్రెస్ అంటే గట్టిగా అరవడం అనుకోకండి. ఆ సిలబుల్ కాస్త సాగుతుంది, గొంతు కొంచెం లేస్తుంది, పక్కవి తగ్గుతాయి.

ఇక్ రూల్‌కి కొన్ని మినహాయింపులున్నాయి. పాలిటిక్స్, అరబిక్, కాథలిక్ మొదటి సిలబుల్ మీదే ఉంటాయి. నౌన్‌గా అరిథ్మెటిక్‌కి రెండో దాని మీద. ఇవి బట్టీ పట్టాల్సిందే. షన్‌తో ముగిసే మాటలతో ఇబ్బంది లేదు, షన్‌కి ముందున్న సిలబుల్ పట్టుకుంటే చాలు.

మిగిలిన రెండు తప్పులు రికార్డ్, ప్రెజెంట్ లాంటి జంటల్లో చేశాను. నౌన్ అయితే మొదటి సిలబుల్, వెర్బ్ అయితే రెండోది అని అందరం చదువుతాం. రికార్డ్ నౌన్ అయితే 'రె-కాడ్, వెర్బ్ అయితే రి-'కాడ్. ప్రెజెంట్ నౌన్ అయితే 'ప్రె-జంట్, వెర్బ్ అయితే ప్రి-'జెంట్. మన చిక్కు ఏమిటంటే, తెలుగులో ఒక్కో జంటకి ఒకే రూపం స్థిరపడింది. రికార్డు అన్నప్పుడు మనం పలికే మొదటి అచ్చు వెర్బ్‌ది. ప్రెజెంట్ అన్నప్పుడు పలికేది నౌన్‌ది. కాబట్టి అలవాటు ప్రకారం నోటితో పలికి చూసుకుంటే ఒక జంటలో ఒక వైపు, ఇంకో జంటలో ఇంకో వైపు తప్పుతాం. ముందు వాక్యంలో ఆ మాట చేసే పని చూడాలి, తర్వాతే పలకాలి.

నేను మా చుట్టూ ఉన్న పనులతో వాక్యాలు రాసుకున్నాను. దాళ్వా పంట వచ్చింది: ఆ పంట 'ప్రా-డ్యూస్, పండించడం ప్ర-'డ్యూస్. కొబ్బరికాయల లారీకి ఉండే కాగితం 'పర్-మిట్, చెక్‌పోస్టులో లారీని వెళ్లనివ్వడం పర్-'మిట్. భీమవరం రొయ్యల ఎగుమతి 'ఎక్స్-పోర్ట్, ఎగుమతి చేయడం ఇక్స్-'పోర్ట్. ఎక్కువ జంటల్లో మొదటి అచ్చు మారడమే ఆనవాలు. ఇంపోర్ట్, ఇంక్రీజ్‌లలో మాత్రం అచ్చు మారదు, బరువు ఒక్కటే మారుతుంది. అక్కడ అచ్చుని నమ్ముకోవద్దు.

నేను తప్పు చేసిన ఒక ప్రశ్నలో ప్రెజెంట్ అనేది ‘హాజరైన’ అనే అర్థంలో అడ్జెక్టివ్‌గా వచ్చింది. నౌన్ కాదు కదా అని రెండో సిలబుల్ పెట్టాను. నిజానికి విడిపోయేది వెర్బ్ ఒక్కటే. అడ్జెక్టివ్ నౌన్ వైపే ఉంటుంది. ఆబ్సెంట్, పర్ఫెక్ట్, ఫ్రీక్వెంట్ కూడా అంతే. వెర్బ్ నుంచి పుట్టిన రికార్డింగ్, రికార్డర్ లాంటివి మాత్రం వెర్బ్ స్ట్రెస్‌నే ఉంచుకుంటాయి: రి-'కా-డింగ్.

ఇంకో తప్పు రిపోర్ట్. దాన్నీ జంట అనుకుని నౌన్‌కి మొదటి సిలబుల్ పెట్టాను. రెండు సిలబుల్స్ ఉన్నంత మాత్రాన ప్రతి మాటలో స్ట్రెస్ మారాలని లేదు. రిపోర్ట్, రిప్లై, కంట్రోల్, డిలే, సర్‌ప్రైజ్ ఏ పని చేసినా రెండో సిలబుల్ మీదే ఉంటాయి. ఆన్సర్, విజిట్, ప్రామిస్ ఎప్పుడూ మొదటి దాని మీదే. మారే జాబితా కన్నా ఈ మారని జాబితా నాకు ఎక్కువ మార్కులు కాపాడింది. ప్రశ్న పెట్టేవాళ్లు నాలుగు ఆప్షన్లలో మూడు మారేవి ఇచ్చి, మధ్యలో ఇలాంటిది ఒకటి కలుపుతారు.

డిక్షనరీ చూసేటప్పుడు గుర్తు ఎటు పెట్టారో దాని ముందుమాట చూసి తెలుసుకోండి. ఐపీఏ వాడే డిక్షనరీల్లో పైన ఉండే చిన్న నిలువు గీత స్ట్రెస్ సిలబుల్‌కి ముందు వస్తుంది. కొన్ని పాత డిక్షనరీల్లో సిలబుల్ తర్వాత వస్తుంది. మా ఇంట్లో ఉన్న పాతది చూసి నేను వారం రోజులు తలకిందులుగా నోట్స్ రాసుకున్నాను.

రిసెర్చ్, అడ్రస్ లాంటి కొన్నింటికి నౌన్‌గా రెండు పలుకుబళ్లూ డిక్షనరీల్లోనే ఉన్నాయి. బ్రిటిష్ వాడుకలో అడ్రస్ రెండో సిలబుల్ మీద, అమెరికన్‌లో నౌన్‌కి మొదటి దాని మీద కూడా. ఇలాంటివి నా నోట్స్‌లో వేరే పేజీలో పెట్టి, బ్రిటిష్ రూపం పక్కన టిక్ పెట్టుకున్నాను. ఆ పేజీలో పన్నెండు మాటలే ఉన్నాయి. పరీక్ష ముందు రోజు పంటు మీద చదివింది ఆ ఒక్క పేజీ, దాంతోపాటు మారని మాటల జాబితా.